ఉతికేకొద్దీ పచ్చబడిన తెల్ల కాన్వాస్, ఉతక్కుండానే కంపు పట్టిన మెష్: ఒక కేసు

ఈ కేసులో రెండు జతలున్నాయి. రెండూ ఒకే అబ్బాయివి. తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొదటిది తెల్ల కాన్వాస్ షూ, కొని ఏడాది కూడా కాలేదు. రెండోది బూడిదరంగు మెష్ రన్నింగ్ షూ. తెల్లజతను ఇంట్లో ఉతికితే పచ్చబడి, కాలికి పట్టనంత బిగుసుకుపోయింది. మెష్ జతను ఎవరూ ఉతకలేదు, గుమ్మం బయట పెట్టినా లోపలికి వాసన కొడుతోంది. వేసవి సెలవుల చివర్లో వాళ్లమ్మ రెండింటినీ వేర్వేరు సంచుల్లో కట్టుకుని మా కొట్టుకు తెచ్చింది.

"ఎంత ఉతికితే అంత పచ్చగా అయిపోతా ఉండాయన్నా. మూడోసారి బ్లీచ్ కూడా పోసినాను" అంది.

సగం విషయం ఆ మాటలోనే తెలిసిపోయింది. పసుపుకు కారణం మురికే అయితే ఉతికేకొద్దీ తగ్గాలి. ఇక్కడ పెరుగుతోంది. అంటే ఉతికే పద్ధతిలోనే ఎక్కడో అది పుడుతోంది.

ఎలా ఉతికారో వరసగా అడిగాను. బకెట్ నీళ్లలో రెండు గుప్పెళ్ల డిటర్జెంట్ పౌడర్ వేసి రాత్రంతా నానబెట్టారు. పొద్దున బ్రష్షుతో రుద్ది, బోరు నీళ్లలో రెండుసార్లు జాడించి, మిద్దె మీద పిట్టగోడకు ఆనించి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టారు. లోపల ఏమీ కుక్కలేదు. పసుపు కనబడగానే మళ్లీ అదే పని, ఈసారి పౌడర్ ఇంకొంచెం ఎక్కువ. మూడోసారి పౌడర్‌తో పాటు బట్టల బ్లీచ్. తిరుపతిలో నా దగ్గరకు వచ్చే తెల్ల కాన్వాస్ జతల్లో చాలావాటి కథ దాదాపు ఇదే.

పసుపు ఎక్కడుంది, ఏమిటది

ఇలాంటి జతను ముందు తడపకూడదు. పొడిగా ఉన్నప్పుడే, ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురులో, పసుపు ఎక్కడెక్కడ ఉందో చూడాలి. ఈ జతలో గుడ్డ మధ్యభాగం దాదాపు తెల్లగానే ఉంది. రబ్బరు అంచుకు పైన చుట్టూ వేలెడు వెడల్పున గోధుమరంగు కలిసిన పసుపు పట్టీ ఉంది. మడమ దగ్గర, లేసు రంధ్రాల పక్క కుట్టు వెంబడి, ముందు వేళ్ల దగ్గర అదే రంగు. పట్టీ పై అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంది.

ఆ గీతే అసలు ఆధారం. బోరు నీళ్లు ఆరిపోయిన బకెట్ లోపల నీటిమట్టం దగ్గర తెల్లటి గీత మిగులుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. తడి గుడ్డలోని నీళ్లు ఉపరితలం నుంచి ఆవిరైపోతుంటే లోపలి నీళ్లు ఆ చోటుకు పాకుతూ వస్తాయి. నీళ్లలో కరిగి ఉన్నవన్నీ వాటితో పాటే వస్తాయి. నీరు గాల్లోకి పోతుంది, కరిగినవి గుడ్డ మీదే ఉండిపోతాయి. కాన్వాస్ షూలో రబ్బరు అంచు దగ్గర గుడ్డ రెండు పొరలు, లోపల అస్తరు, మధ్యలో జిగురు ఉంటాయి. మధ్యభాగం గంటలో ఆరిపోయినా అక్కడ తడి చాలాసేపు ఉంటుంది. అందుకే షూ మొత్తంలోని మలినమంతా చివరికి ఆ పట్టీలో పోగవుతుంది.

ఆ మలినంలో ఏముంటాయి? పూర్తిగా పోని డిటర్జెంట్, దానిలోని చాకలి సోడా లాంటి క్షారం, బోరు నీళ్లలోని లవణాలు, రుద్దినప్పుడు కరిగిన పాత చెమట, ఇన్‌సోల్ అడుగునుంచి, జిగురునుంచి వచ్చిన రంగు. క్షారం మిగిలిన నూలుగుడ్డ మీద వేడి, ఎండ పడితే పసుపు ఇంకా గట్టిపడుతుంది. పసుపు కనబడిందని ఇంకా ఎక్కువ పౌడర్ వేశారంటే అదే సరుకును ఇంకాస్త నింపినట్టే.

ఇది ఊహే అయితే చాలదు కాబట్టి మూడు చిన్న పరీక్షలు చేస్తాను. వీటికి కావలసినవి పీహెచ్ పేపర్, నిమ్మ ఉప్పు, కాస్త దూది.

మొదట పసుపు పట్టీ మీద నాలుగు చుక్కల క్యాన్ నీళ్లు వేసి, ఒక నిమిషం ఆగి, పీహెచ్ పేపర్ అద్దాను. 9కి 10కి మధ్య రంగు చూపింది. ఆ నీళ్లు విడిగా 7 దగ్గర ఉన్నాయి. అంటే గుడ్డలో క్షారం ఉంది. రెండోది, మడమ లోపలి వైపు కనబడని చోట నిమ్మ ఉప్పు నీళ్లు ఒక చుక్క వేశాను. ఐదు నిమిషాల్లో ఆ చుక్క మేర పసుపు స్పష్టంగా పలచబడింది. మూడోది, తడి దూదిని పట్టీ మీద వత్తి పట్టుకుంటే దూదికి లేత గోధుమరంగు అంటింది. అంటే ఈ పసుపు గుడ్డలో కలిసిపోయిన రంగు కాదు, నీళ్లతో కదిలేదే.

ఒక చోట మాత్రం ఈ మూడూ ఏమీ చెప్పలేదు. ఎడమ షూ ముందువైపు, రబ్బరుకు ఆనుకుని రూపాయి బిళ్లలో సగమంత మచ్చ. అది కదల్లేదు, పలచబడలేదు. వేలితో తడిమితే అక్కడ గుడ్డ కొంచెం బిరుసుగా ఉంది. అది లోపలి జిగురు గుడ్డలోకి దిగి పాతబడిన మచ్చ. ఏ కడుగుడుకూ పోదు. పని మొదలుపెట్టకముందే ఆమెకు చూపించి చెప్పాను. "అది పోదక్కా. మిగతాదంతా చానా వరకు పోతుంది."

చిత్తూరు వైపు పొలాల్లో, గ్రౌండ్లలో తిరిగిన జతల విషయం వేరు. వాటికి పట్టేది ఎర్రమట్టి, అందులోని రంగు ఇనుముది. దాన్ని ఏ బ్లీచూ తీయలేదు. ఎండనిచ్చి పొడిగా దులిపాకే తడపాలి. తడి మీద రుద్దితే నేతలోకి దిగిపోతుంది. ఈ జతకు ఆ బాధ లేదు.

ఇక బ్లీచ్ సంగతి. క్లోరిన్ బ్లీచ్ నూలును తెల్లబరుస్తుంది, నిజమే. కానీ షూ అంతా నూలు కాదు. కుట్టుదారం చాలావాటిలో పాలిస్టర్ లేదా నైలాన్, మడమ దగ్గర ఫోమ్, లోపల జిగురు ఉంటాయి. నైలాన్, ఫోమ్, జిగురు క్లోరిన్‌కు పసుపెక్కుతాయి. పైగా ఆ బ్లీచ్ నీళ్లే గట్టి క్షారం. ఎక్కువసార్లు వాడితే నూలుపోగు కూడా బలహీనపడుతుంది. నాలుక అంచును గోరుతో గీరితే పొట్టులా రాలడం దానికి గుర్తు. ఈమె ఒక్కసారే వాడింది కాబట్టి గుడ్డ బాగానే ఉంది.

కాన్వాస్ జతకు చేసిన పని

లేసులు, ఇన్‌సోల్ తీసేసి, మొదట ఏ సబ్బూ లేకుండా ఉత్త నీళ్లలో జాడించాను. బకెట్ నిండా నురగ వచ్చింది. ఆమె అక్కడే నిలబడి చూస్తోంది. "నేను సబ్బు పోయేదాకా జాడించినానే!" అంది. గుడ్డ పైనుంచి పోతుంది, అంచు దగ్గరి మందపు పొరల్లోంచి అంత తేలిగ్గా రాదు. మడమ భాగాన్ని బొటనవేలితో వత్తి వదులుతూ, నీళ్లు మారుస్తూ, వత్తినప్పుడు నురగ రావడం ఆగేదాకా ఈ పనే చేయాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, ఎక్కువ ఫలితం వచ్చేదీ ఇక్కడే.

బ్లీచ్ పడిన జతకు ఈ జాడింపు ఇంకో కారణంతో కూడా తప్పనిసరి. క్లోరిన్ బ్లీచ్ మిగిలి ఉన్న గుడ్డ మీద నిమ్మ ఉప్పో వెనిగరో పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూములో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లీచ్ వాసన ఏమాత్రం తగిలినా తర్వాతి అంచెకు పోకూడదు.

నురగ ఆగాక లీటరు నీళ్లకు ఒక టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డభాగం మునిగేలా పావుగంట ఉంచాను. ఇది క్షారాన్ని విరుస్తుంది, బోరు నీళ్ల సున్నాన్ని పట్టుకుని వదిలిస్తుంది. తీసి జాడించేసరికి పట్టీ సగానికి పైగా పలచబడింది. పై అంచు గీత మాత్రం ఇంకా ఉంది.

ఆ గీత కోసం ఆక్సిజన్ బ్లీచ్ వాడాను, అంటే సోడియం పెర్‌కార్బనేట్ పొడి. లీటరు గోరువెచ్చటి నీళ్లకు ఒక టీస్పూను. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. చల్లటి నీళ్లలో అది సరిగా పనిచేయదు, మరీ వేడిగా ఉంటే సోల్ జిగురు మెత్తబడి రబ్బరు అంచు ఊడుతుంది. అందుకే షూను మొత్తం నానబెట్టను. తెల్ల నూలుగుడ్డను పట్టీలుగా చించి, ఆ నీళ్లలో ముంచి, పసుపున్న చోట మాత్రమే చుట్టి అరగంట ఉంచుతాను. పట్టీ ఆరిపోతుంటే మళ్లీ తడుపుతాను. ఆరనిస్తే దాని అంచున ఇంకో కొత్త గీత పడుతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, చర్మం మండుతుంది.

పెర్‌కార్బనేట్ కూడా క్షారమే. చాలామంది ఇక్కడ ఆపేసి ఎండలో పెట్టేస్తారు, నాలుగు రోజులకు మళ్లీ పసుపు. దాని తర్వాత బాగా జాడించి, లీటరుకు అర టీస్పూను నిమ్మ ఉప్పు నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, చివరి రెండు జాడింపులు క్యాన్ నీళ్లతో చేశాను. మా వీధి బోరు నీళ్లకు గీజరులో పెచ్చు కడుతుంది. ఎంత కడిగినా ఆఖరున ఆ నీళ్లే గుడ్డలో ఉంటే ఆరాక వాటి ఉప్పు మిగులుతుంది. జతకు మూడు నాలుగు లీటర్ల క్యాన్ నీళ్లు చాలు. తడి గుడ్డ మీద పీహెచ్ పేపర్ అద్దితే 6కి 7కి మధ్య చూపింది. అప్పుడే ఆపాను.

నీలిమందు వేయమని కొందరు అడుగుతారు. వేయను. చొక్కాలో అది సమంగా పరుచుకుంటుంది, షూ కుట్టుల్లో గుంపుకట్టి నీలి చుక్కలు వదులుతుంది.

ఆరబెట్టడం, బిగుసుకుపోయిన గుడ్డ

ఈ జత ఉతికాక పొట్టిదయిందని ఆమె అనుకుంది. నిజానికి రబ్బరు సోల్ పొట్టి కాలేదు. సోల్ మీద స్కేలు పెట్టి చూస్తే రెండూ సైజుకు సరిగ్గా ఉన్నాయి. కుంచించుకున్నది పైగుడ్డ. నూలుపోగు తడిస్తే లావెక్కుతుంది, నేతలో ఒకదాని మీదుగా ఒకటి పోయే పోగులు ఇంకా వంపు తిరుగుతాయి, దాంతో గుడ్డ పొడవు తగ్గుతుంది. ఫ్యాక్టరీలో గుడ్డను అచ్చు మీద లాగి బిగించి సోల్‌కు అతికిస్తారు. అచ్చు లేకుండా తడిపి ఎండలో పెడితే ఆ బిగువు సడలి, గుడ్డ దగ్గరకు ముడుచుకుని అలాగే గట్టిపడుతుంది. నున్నటి బండ మీద పెడితే రెండు షూల ముందుభాగం పైకి లేచి ఉంది. గుడ్డ లాగుతుంటే సోల్ వంగినట్టు. ఇలాగే ఇంకొన్నాళ్లు వదిలేస్తే వేళ్ల పక్కన రబ్బరు ఊడిపోయేది.

దీన్ని చాలావరకు సరిచేయవచ్చు, కానీ గుడ్డ తడిగా ఉన్నప్పుడే. కడుగుడు అయిపోగానే టవల్లో పెట్టి వత్తి, నీళ్లు కారడం ఆగాక, సైజుకు సరిపోయే చెక్క అచ్చును మెల్లగా దూర్చాను. ఇంట్లో అచ్చు ఉండదు. పాత తెల్ల బనియన్ గుడ్డలు ముందు వేళ్ల దగ్గర గట్టిగా, తర్వాత మధ్యలో, చివర మడమలో కుక్కితే అదే పని చేస్తుంది. న్యూస్‌పేపర్ వద్దు, తడి తెల్ల గుడ్డకు సిరా అంటుతుంది. లేసు రంధ్రాలు రెండు వైపులా ఒకదానికొకటి సమానదూరంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. అతిగా లాగితే ముందు తెగేది కుట్టే. పోయిన పొడవు పూర్తిగా తిరిగి వస్తుందని నేను ఎవరికీ మాటివ్వను. ఈ జతలో కాలు పట్టేంత వచ్చింది, ముందుభాగం బండ మీదకు దాదాపు దిగింది.

అచ్చు పెట్టాక తెల్ల టాయిలెట్ టిష్యూను తడి గుడ్డ మీద ఎక్కడా సందు లేకుండా అతికించాను. ఈ చిట్కా చాలామందికి తెలుసు, ఎందుకు పనిచేస్తుందో తెలియక సగం సగం చుడతారు. టిష్యూ తడి గుడ్డకు అంటుకుంటే నీళ్లు గుడ్డ మీద కాకుండా టిష్యూ మీద ఆవిరవుతాయి. లోపల మిగిలిన మలినం ఇంకో అడుగు ముందుకు పాకి టిష్యూలో ఆగుతుంది. టిష్యూ లేచిన చోట, బుడగ కట్టిన చోట అది గుడ్డ మీదే ఆగి చుక్కలా కనబడుతుంది. కాబట్టి వేలితో నొక్కుతూ, ముఖ్యంగా రబ్బరు అంచు దగ్గర రెండు పొరలు వేయాలి. రంగు టిష్యూ, పూల ముద్రలున్నది పనికిరాదు.

తర్వాత నీడలో, ఫ్యాన్ గాలికి. తిరుపతిలో వేసవి మధ్యాహ్నం నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, ఎండ పడే సిమెంటు మిద్దె సంగతి చెప్పక్కర్లేదు. ఎండలో పైగుడ్డ చరచరా ఆరి, మందపు అంచులోని తడి ఒక్కచోటికే లాగబడుతుంది. మనం వదిలించుకోవాలనుకున్న గీత మళ్లీ పడేది అందుకే. మర్నాడు టిష్యూ ఒలిచినప్పుడు, షూ మీద పసుపు గీత ఉన్న ఎత్తులోనే టిష్యూ మీద గోధుమరంగు గీత ఉంది. ఆమె దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది, ఇంట్లో వాళ్లాయనకు చూపించాలట.

ముందున్న రబ్బరు టోపీ కూడా కొంచెం పసుపెక్కింది. అది రబ్బరు పాతబడే పసుపు, గుడ్డది కాదు. మెలమైన్ స్పాంజితో పైపొర తుడిస్తే కొంత తెలుపు వస్తుంది, అంతవరకే చేశాను.

మెష్ జత: కంపు ఎక్కడ దాగింది

రెండో జత గురించి అబ్బాయి ఫోనులో చెప్పాడు. మామయ్య వాళ్ల కారులో అలిపిరి దాకా వెళ్లాడు. మెట్లదారిలో చెప్పుల్లేకుండా ఎక్కాలి కాబట్టి షూ విప్పి, తడిసిన సాక్సులు లోపలే కుక్కి, కవర్లో మూతి కట్టి డిక్కీలో పెట్టాడు. 3,550 మెట్లెక్కి, దర్శనం చేసుకుని, తిరిగి కారు దగ్గరకు వచ్చేసరికి మర్నాడు సాయంత్రం. అది మే నెల. "కవరు విప్పంగానే కండ్లు మండినాయన్నా" అన్నాడు.

చెమటకు విడిగా పెద్ద వాసన ఉండదు. చర్మం మీది బాక్టీరియా చెమటలోని పదార్థాలను విరగ్గొట్టి ఐసోవలెరిక్ ఆమ్లం లాంటివి తయారుచేస్తే వచ్చేదే పాదాల కంపు. వాటికి కావలసినవి తడి, వెచ్చదనం, తిండి. మూతికట్టిన కవరు, మే నెల డిక్కీ, తడి సాక్సు మూడింటినీ ఒక్కచోట అమర్చి పెట్టాయి.

మెష్ షూ కంపు కొడితే జనం మెష్‌నే రుద్దుతారు. మెష్ పాలిస్టర్ జల్లెడ, అది నీళ్లు తాగదు, త్వరగా ఆరుతుంది, వాసన అందులో పెద్దగా నిలవదు. నిలిచేది ఇన్‌సోల్‌లో, మడమ చుట్టూ ఉండే మెత్తటి ఫోమ్‌లో, నాలుకలో. ఏది ఎంత వాసన కొడుతోందో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. తెల్ల గుడ్డముక్కలను వేడినీళ్లలో ముంచి పిండి, ఒక్కో చోట ఒక్కోటి నిమిషం వత్తి, విడివిడిగా వాసన చూడాలి. తడి, వేడి తగిలితే ఆరిన షూలో దాగిన వాసన బయటపడుతుంది. ఈ జతలో ఇన్‌సోల్ గుడ్డ భరించలేని కంపు. మడమది దానిలో సగం. మెష్‌కు అద్దిన గుడ్డకు దాదాపు ఏమీ లేదు.

ఇన్‌సోల్ పారేశాం. ఫోమ్ లోతుల్లోకి దిగిన దాన్ని కడిగి మళ్లీ వేసుకోవడం కన్నా కొత్తది కొనడం మేలు. మిగతా షూను, ఎంజైమ్ ఉన్న లిక్విడ్ డిటర్జెంట్ ఒక టీస్పూను రెండు లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కలిపి కడిగాను. ఎంజైమ్ చనిపోయిన చర్మపు పొట్టును కరిగిస్తుంది, బాక్టీరియాకు అదే తిండి. మడమ ఫోమ్ మీద నీళ్లు పోయడం, వేళ్లతో వత్తడం, మళ్లీ పోయడం. మెత్తటి బ్రష్షే వాడాలి, గట్టి బ్రష్షుకు మెష్ పోగులు లేచి నూగులా అవుతాయి. పిండకూడదు, టవల్ చుట్టి వత్తాలి.

మెష్ చేతికి ఆరినట్టు తోచినా లోపలి ఫోమ్ ఆరి ఉండదు. అందుకే వంటింటి తూకం మీద పెడతాను. ఇన్‌సోల్ లేకుండా కుడి షూ కడగకముందు 262 గ్రాములు. టవల్లో వత్తాక 341. రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచాక పొద్దున 281. చేత్తో పట్టుకుంటే పూర్తిగా పొడిగా ఉంది, అప్పుడు ఎవరైనా వేసుకుని వెళ్లిపోతారు. ఆ మిగిలిన 20 గ్రాముల దగ్గర నీళ్లు ఫోమ్‌లోనే ఉన్నాయి, వారంలో మళ్లీ వాసన మొదలయ్యేది వాటివల్లే. సాయంత్రానికి 264, మర్నాడు 261. అంకె కదలడం ఆగాక 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లోపలి అస్తరు మీద పలచగా స్ప్రే చేసి ఆరనిచ్చాను. ముద్రవేసిన అక్షరాల మీద పడకుండా చూసుకోవాలి, కొన్ని రంగులు కరుగుతాయి. తర్వాత వేడి గుడ్డ పరీక్ష మళ్లీ చేస్తే మడమ దగ్గర వాసన లేదు.

వంటసోడా చాలామంది వాడతారు. ఆమ్ల వాసనలను అది విరుస్తుంది, నిజం. కానీ నేరుగా షూలో చల్లితే కుట్టుల్లో చిక్కుకుని, చెమటతో కరిగి, మళ్లీ క్షారపు మరకే. పాత సాక్సులో పోసి మూతి కట్టి రాత్రి షూలో పెట్టి, పొద్దున తీసేస్తే సరిపోతుంది. కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు వాసనను కప్పుతాయంతే. నాఫ్తలీన్ ఫోమ్‌కు పట్టిందంటే దాన్ని వదిలించడం ఇంకో పని.

ఈ జతలో వాసన కన్నా పెద్ద నష్టం అప్పటికే జరిగిపోయింది, అది డిక్కీ వేడి చేసింది. కొత్త ఇన్‌సోల్ సైజు సరైనదే తెప్పించినా ముందువైపు మడతపడింది. రన్నింగ్ షూల సోల్ మధ్యపొర సాధారణంగా ఈవీఏ ఫోమ్. మెష్ నీళ్లకు కుంచించుకోదు, ఈవీఏ వేడికి కుంచించుకుంటుంది. దాన్ని తిరిగి సాగదీసే మార్గం లేదు. ఇన్‌సోల్‌ను ముందువైపు మూడు మిల్లీమీటర్లు కత్తిరించి సర్దాను. వేళ్లకు కొంచెం బిగువుగా ఉంటుందని, పరుగుకు కాకుండా మామూలు నడకకు వాడుకోమని చెప్పాను. మిద్దె మీద, బైకు ట్యాంకు మీద, కారు వెనకద్దం దగ్గర షూ ఆరబెట్టేవాళ్లకూ ఇదే జరుగుతుంది, కాకపోతే కొంచెం కొంచెంగా.

దాచడం

కాన్వాస్ జతను సెమిస్టర్ మొదలయ్యేదాకా బీరువాలో పెడతానని ఆమె అంది. కొన్నప్పుడు వచ్చిన పాలిథీన్ కవరు కూడా తెచ్చింది. ఆ కవరు నా దగ్గరే ఉంచేశాను.

కొన్ని పాలిథీన్ కవర్లలో ప్లాస్టిక్ పాడవకుండా బీహెచ్‌టీ అనే పదార్థం కలుపుతారు. అది మెల్లగా బయటకొచ్చి, బళ్ల పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి తెల్ల గుడ్డ మీద పసుపురంగుగా మారుతుంది. గుడ్డలో క్షారం మిగిలి ఉంటే ఇంకా తేలిగ్గా మారుతుంది. బస్టాండు దగ్గరి ఇళ్లలో, రోడ్డు వైపు గదుల్లో ఎవరూ తొడగని కొత్త షూ కూడా పెట్టెలో పసుపెక్కడానికి ఇదొక కారణం. దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. కవరు తగిలిన చోట్ల మచ్చలుగా ఉంటుంది, రబ్బరు అంచు వెంబడి గీతగా ఉండదు. నిమ్మ ఉప్పు నీళ్ల చుక్కకు పలచబడుతుంది. అందుకే ఆఖరి జాడింపులో క్షారాన్ని విరవడం ఆరబెట్టడానికే కాదు, దాచడానికి కూడా పనికొస్తుంది.

కవరు బదులు పాత నూలు దిండుగలీబు చాలు. లోపల తెల్ల కాగితం కుక్కి, షూ మడమలు ఒకదానికొకటి రుద్దుకోకుండా మధ్యలో ఇంకో కాగితం పెట్టి, గలీబులో వేసి, అట్టపెట్టెకు రెండు వైపులా బొక్కలు పెట్టి అందులో ఉంచమన్నాను. మన దగ్గర వానలు ఎక్కువగా పడేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ రెండు నెలలు బయటి గోడకు ఆనుకున్న బీరువా అడుగు అరలో షూ పెడితే బూజు పడుతుంది. పై అరలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, వారానికోసారి పెట్టె మూత తీసి ఫ్యాన్ కింద కాసేపు ఉంచితే చాలు. రంగు మారే సిలికా జెల్ అయితే ఎప్పుడు తడి పీల్చుకుందో తెలిసిపోతుంది. తడి పీల్చుకున్న పొట్లాన్ని పెట్టెలో అలాగే వదిలేస్తే ఇక ఉపయోగం లేదు.

మెష్ జతకు పెట్టె వద్దన్నాను, అది రోజూ తొడిగేది. ఇంటికి రాగానే లేసులు వదులు చేసి, ఇన్‌సోల్ బయటకు లాగి నిలబెట్టి, మర్నాడు వేరే జత తొడుక్కోవాలి. ఒకే జతను రోజూ తొడిగితే ఫోమ్‌కు ఆరే సమయం దొరకదు. అబ్బాయికి వేరే జతగా ఉన్నది ఆ తెల్ల కాన్వాసే. దాంతో బీరువా ఆలోచన పక్కకు పోయింది, రెండింటినీ రోజు విడిచి రోజు తొడుగుతున్నాడు.

నవంబరు వానల్లో కాన్వాస్ జత బురదపట్టి మళ్లీ వచ్చింది. ఈసారి ఇంట్లో ఉతకలేదు, ఎండబెట్టి దులిపి తెచ్చారు. పసుపు గీత మళ్లీ పడలేదు. ఎడమ షూ మీది జిగురు మచ్చ అలాగే ఉంది. కుడివైపు వేళ్ల దగ్గర రబ్బరు అంచు అరంగుళం మేర లేచింది, వేసవిలో గుడ్డ బిగిసి లాగిన చోటే. రబ్బరు జిగురు పెట్టి, క్లాంపు బిగించి రాత్రంతా వదిలేశాను.